పవర్ స్టీరింగులో ఏ నూనె పోయాలి? – ట్రాక్టర్లు, క్షేత్ర వాహనాలలో గుర్తించవలసిన తేడాలు

కృష్ణా డెల్టాలో వరి నాట్లకు ముందు దమ్ము చేసే రోజులలో మా పరిశీలనకు వచ్చిన ఒక ట్రాక్టరుతో ఈ వ్యాసాన్ని ప్రారంభించడం సముచితం. అది పవర్ స్టీరింగు కలిగిన 45 హార్స్ పవర్ ట్రాక్టరు. ముందు ఇరుసుపై ఉన్న స్టీరింగు సిలిండరు నుండి నూనె కొద్దికొద్దిగా కారుతుండేది. స్టీరింగు నూనె డబ్బాలో మట్టం తగ్గిందని గమనించిన డ్రైవరు, చేతికి అందిన పావు లీటరు బ్రేకు ఆయిలును అందులో పోశాడు. "అదీ హైడ్రాలిక్ ఆయిలే కదండీ, బ్రేకుకు పనికివచ్చేది దీనికి పనికిరాదా?" అన్నది అతని ప్రశ్న. నాలుగైదు రోజులలో కారుడు తగ్గకపోగా ధారగా మారింది, పంపు మూలుగసాగింది, స్టీరింగు చక్రం తిప్పినకొద్దీ బరువెక్కింది. పది రూపాయల పొదుపు చివరకు పంపు సీలు, సిలిండరు సీళ్లు, స్టీరింగు యూనిట్ సీళ్లు అన్నింటినీ మార్చే ఖర్చుకు దారితీసింది.

డ్రైవరు ప్రశ్న అర్థరహితమైనది కాదు. రెండూ పీడనాన్ని మోసే ద్రవాలే. అయినా ఒకదాని స్థానంలో మరొకటి ఎందుకు పనికిరాదో, ఒక వాహనంలో అసలు నూనె పోయవలసిన అవసరమే లేకపోవడం ఎలా జరుగుతుందో, అనుమానం వచ్చినప్పుడు క్షేత్రంలోనే ఎలా తేల్చుకోవాలో ఈ వ్యాసంలో వివరించడమైనది.

మొదటి ప్రశ్న: స్టీరింగు ఏ రకమైనది?

నూనెను ఎంచుకునే ముందు వాహనంలో ఉన్న స్టీరింగు ఏ రకానికి చెందినదో తెలుసుకోవాలి. విస్తరణ శాస్త్రవేత్తలు క్షేత్రంలో చూసే వాహనాలలో సాధారణంగా నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, పాత ట్రాక్టర్లలోని సాధారణ యాంత్రిక స్టీరింగు. ఇందులో పంపు లేదు, పీడనం లేదు. స్టీరింగు బాక్సులోని పళ్ల చక్రాలకు అరుగుదల నుండి రక్షణగా మాత్రమే నూనె ఉంటుంది. ఇందుకు చిక్కటి 90 నంబరు గేరు ఆయిలు వాడుక. ఈ అలవాటే తరువాత పొరపాటుకు మూలమవుతుంది. పాత ట్రాక్టరును పదేళ్లు నడిపిన వారు కొత్త పవర్ స్టీరింగు ట్రాక్టరులోనూ అదే గేరు ఆయిలు పోయడం కద్దు.

రెండవది, హైడ్రాలిక్ పవర్ స్టీరింగు. ఇంజినుతో తిరిగే పంపు నూనెను పీడనంతో పంపుతుంది. కార్లు, జీపులలో స్టీరింగు చక్రానికి, ముందు చక్రాలకు మధ్య యాంత్రిక సంబంధం అలాగే ఉంటుంది. చక్రం తిప్పినప్పుడు ఒక సన్నని ఉక్కు కడ్డీ కొద్దిగా మెలితిరిగి, కవాటాన్ని తెరిచి, నూనెను ఏ వైపు సహాయం కావాలో ఆ వైపుకు మళ్లిస్తుంది. నూనె పీడనం మనిషి బలానికి తోడవుతుంది. ఇంజిను ఆగినా చక్రం తిరుగుతుంది, కానీ బరువుగా ఉంటుంది.

ట్రాక్టర్లలోని పవర్ స్టీరింగు ఎక్కువగా దీనికి భిన్నమైన పద్ధతిలో ఉంటుంది. అక్కడ స్టీరింగు చక్రానికి, ముందు చక్రాలకు మధ్య కడ్డీల సంబంధం ఉండదు. చక్రం కింద ఉన్న స్టీరింగు యూనిట్, ఎంత తిప్పితే అంత నూనెను కొలిచి ముందు ఇరుసుపై ఉన్న సిలిండరుకు పంపుతుంది. అంటే ముందు చక్రాలను కదిలించేది నూనె మాత్రమే. ఇంజిను ఆగినప్పుడు ఈ యూనిట్ చేతి పంపుగా పనిచేసి, చాలా శ్రమతో అయినా ట్రాక్టరును మళ్లించనిస్తుంది. కానీ పైపులలో నూనెకు బదులు గాలి చేరితే ఆ అవకాశమూ ఉండదు. కారులో నూనె లేకపోతే స్టీరింగు బరువెక్కుతుంది. ట్రాక్టరులో నూనె లేకపోతే స్టీరింగే ఉండదు. కాలువ గట్లపై నడిచే ట్రాక్టరుకు ఈ తేడా ప్రాణాంతకం కాగలదు.

మూడవది, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగు. ఇప్పటి చిన్న కార్లలో అధిక భాగం ఈ రకమే. 1988లో జపానులో సుజుకీ సెర్వో అనే చిన్న కారులో ఇది వాడుకలోకి వచ్చింది. చక్రంపై మనిషి ఎంత బలం పెడుతున్నాడో ఒక సెన్సారు కొలుస్తుంది. నియంత్రణ యూనిట్ ఆ కొలతకు వాహన వేగాన్ని జోడించి లెక్కకట్టి మోటారుకు విద్యుత్తును అందిస్తుంది. మోటారు పళ్ల చక్రాల ద్వారా స్టీరింగుకు సాయపడుతుంది. ఇందులో నూనె లేదు, పంపు లేదు, డబ్బా లేదు. పళ్ల చక్రాలకు పెట్టిన గ్రీజు కర్మాగారంలోనే పెట్టబడి ఉంటుంది.

నాలుగవది, పై రెండింటి కలయిక. నూనె, సిలిండరు హైడ్రాలిక్ పద్ధతిలోనే ఉంటాయి. కానీ పంపును ఇంజిను బెల్టు కాక ప్రత్యేక విద్యుత్ మోటారు తిప్పుతుంది. పేరులో విద్యుత్తు ఉన్నందున నూనె అక్కరలేదని భావించడం ఇక్కడ తప్పు. ఈ రకానికి తరచుగా మామూలు కంటే పలుచని, ప్రత్యేకమైన కృత్రిమ నూనె అవసరమవుతుంది.

గుర్తించడం కష్టం కాదు. స్టీరింగు చక్రం బొమ్మ ఉన్న మూత గల డబ్బా ఉంటే అది హైడ్రాలిక్ రకం. ఆ డబ్బా నుండి పోయిన పైపు బెల్టుతో లేదా గేర్లతో తిరిగే పంపుకు చేరితే రెండవ రకం. తీగలు కలిపిన మోటారు పంపుకు చేరితే నాలుగవ రకం. డబ్బా గానీ, స్టీరింగు వైపు పోయే నూనె పైపులు గానీ లేకుండా, తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డుపై స్టీరింగు చక్రం గుర్తు గల దీపం వెలిగి, ఇంజిను పట్టిన తరువాత ఆరిపోతే అది ఎలక్ట్రిక్ రకం. ట్రాక్టరులో మాత్రం విడి డబ్బా కనిపించకపోయినంత మాత్రాన నూనె లేదనుకోరాదు. కొన్ని నమూనాలలో స్టీరింగు, లిఫ్టు, గేరు బాక్సు, నూనెలో మునిగి ఉండే బ్రేకులు అన్నీ వెనుక ఉన్న ఒకే నూనెను పంచుకుంటాయి.

ఎలక్ట్రిక్ స్టీరింగులో నూనె వెదకడం వలన కలిగే ప్రమాదం

స్టీరింగు బరువెక్కిందంటే నూనె తగ్గిందనే ఆలోచన బలంగా నాటుకొని ఉంది. ఎలక్ట్రిక్ స్టీరింగు కారు యజమాని నూనె పోయమని అడిగినప్పుడు, అనుభవం లేని సహాయకుడు బానెట్ ఎత్తి, కనిపించిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసే అవకాశం ఉంది. ఆ డబ్బా చాలాసార్లు బ్రేకు ద్రవానిది. పెట్రోలియం నూనె కొద్దిగా పడినా బ్రేకు వ్యవస్థలోని రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. అప్పుడు బ్రేకు పట్టుకొని వదలకపోవడం, లేదా పూర్తిగా పట్టకపోవడం జరుగుతుంది. ఇలా జరిగినట్లు తెలిసిన వెంటనే వాహనాన్ని కదపరాదు. పైకి తేలిన నూనెను తీసివేసి సరిపెట్టడం పరిష్కారం కాదు. వ్యవస్థను శుభ్రపరచి, నూనె తాకిన రబ్బరు భాగాలన్నీ మార్చవలసిందే.

ఎలక్ట్రిక్ స్టీరింగు బరువెక్కినప్పుడు చూడవలసినది విద్యుత్తును. ముందుగా బ్యాటరీ టెర్మినళ్లపై తెల్లని పొడి, వదులుతనం ఉన్నాయేమో చూడాలి. విశ్రాంతిలో ఉన్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుండి 14.5 వోల్టుల వరకు ఉండాలి. తరువాత స్టీరింగు ఫ్యూజును పరిశీలించాలి. హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటే నియంత్రణ యూనిట్‌లో నమోదైన లోపాన్ని యంత్రంతో చదివించాలి. నిలిచి ఉన్న కారులో చక్రాన్ని రెండు చివరలకు పదేపదే తిప్పితే మోటారు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి సాయాన్ని తగ్గిస్తుంది. కొద్దిసేపు వదిలితే తిరిగి మామూలు అవుతుంది. ఇది లోపం కాదు.

హైడ్రాలిక్ స్టీరింగు నూనెల రకాలు

హైడ్రాలిక్ స్టీరింగు నూనె మూడు పనులు చేయాలి: పీడనాన్ని మోయాలి, పంపు భాగాల మధ్య జారుడు పొరగా నిలవాలి, రబ్బరు సీళ్లను పాడుచేయకుండా వాటి ఆకారాన్ని నిలపాలి. చిక్కదనం మొదటి రెండు పనులను, నూనె రసాయన స్వభావం మూడవ దానిని నిర్ణయిస్తాయి.

చిక్కదనాన్ని 40 డిగ్రీల సెల్సియస్ వద్ద సెంటీస్టోక్సులలో చెబుతారు. అంకె పెరిగినకొద్దీ నూనె చిక్కన. ఆటోమేటిక్ గేరు బాక్సుల కోసం తయారై, ఎన్నో కార్ల స్టీరింగులలో వాడుకలో ఉన్న డెక్స్‌రాన్ 3 తరగతి ఏ.టి.ఎఫ్. చిక్కదనం సుమారు 33 నుండి 36 వరకు ఉంటుంది. యూరోపియన్ కార్లలో, విద్యుత్ మోటారు పంపు గల వాహనాలలో తరచుగా వాడే పలుచని కృత్రిమ నూనెల చిక్కదనం 18, 19 ప్రాంతంలో ఉంటుంది. ఐ.ఎస్.ఓ. 46 హైడ్రాలిక్ నూనె తన పేరులో చెప్పినట్లే 46 ప్రాంతంలో ఉంటుంది. ట్రాక్టరు వెనుక భాగానికి వాడే యు.టి.టి.ఓ. అనే ఉమ్మడి ట్రాన్స్‌మిషన్ నూనెలు ఎక్కువగా 55 నుండి 65 వరకు ఉంటాయి. 15డబ్ల్యు-40 ఇంజిను ఆయిలు 100 దాటుతుంది. 90 నంబరు గేరు ఆయిలు ఇంకా ఎక్కువ.

పలుచని నూనెకు అమర్చిన పంపులో చిక్కని నూనె పోస్తే పంపు దానిని వేగంగా పీల్చుకోలేక, నూనెలో ఖాళీ బుడగలు ఏర్పడి పగులుతాయి. ఉదయం చల్లని ఇంజిను పట్టగానే వినిపించే మూలుగు ఇదే. చిక్కని నూనెకు అమర్చిన పంపులో పలుచని నూనె పోస్తే అది పళ్ల సందులలో నుండి వెనక్కి జారిపోతుంది. వేడెక్కిన తరువాత, ఇంజిను తక్కువ వేగంతో ఉన్నప్పుడు స్టీరింగు బరువెక్కుతుంది. కనుక మూలుగు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, బరువు వేడిగా ఉన్నప్పుడు ఎక్కువా అని డ్రైవరును అడిగి తెలుసుకోవడం ఉపయోగకరం.

రంగు ప్రమాణం కాదు. ఏ.టి.ఎఫ్. ఎరుపుగా, పలుచని కృత్రిమ నూనెలు తరచుగా ఆకుపచ్చగా ఉంటాయి. ఈ రంగులు కారినప్పుడు గుర్తించేందుకు కలిపినవి. ఎర్రని నూనెలన్నీ ఒకే రకం అనుకోవడం పొరపాటు. ఏ.టి.ఎఫ్.లోనే తరగతులు అనేకం. హోండా వంటి కొందరు తయారీదారులు ఏ.టి.ఎఫ్. కాక తమ సొంత స్టీరింగు నూనెనే వాడమంటారు.

ఏది కలపవచ్చు, ఏది కలపరాదు

డబ్బా మూతపై, వాహన పుస్తకంలో చెప్పిన నూనె ఒక్కటే నిస్సందేహంగా సురక్షితమైనది. మూతపై ఏ.టి.ఎఫ్. అని, తరగతి పేరుతో ఉంటే అదే తరగతికి చెందిన ఏ కంపెనీ నూనెనైనా కలపవచ్చు. పలుచని కృత్రిమ నూనె అడిగిన వ్యవస్థలో ఏ.టి.ఎఫ్. పోయరాదు; ఏ.టి.ఎఫ్. అడిగిన దానిలో ఆ కృత్రిమ నూనె పోయరాదు. "అన్ని వాహనాలకు" అని రాసిన సీసాల విషయంలో ముందు మాట కాక వెనుక చిన్న అక్షరాలలో ఉన్న ప్రమాణాల జాబితాను చదవాలి. మన వాహనం అడిగిన ప్రమాణం అందులో లేకపోతే ఆ సీసా మనది కాదు.

ట్రాక్టరులో స్టీరింగు వెనుక నూనెనే పంచుకుంటుంటే, తయారీదారు చెప్పిన యు.టి.టి.ఓ. మాత్రమే కలపాలి. ఆ నూనెలో మునిగి ఉండే బ్రేకు పలకలకు తగిన ఘర్షణను నియంత్రించే రసాయనాలు ఉంటాయి. వాటికి బదులు మామూలు ఇంజిను ఆయిలు లేదా హైడ్రాలిక్ నూనె పోస్తే స్టీరింగు బాగానే ఉన్నట్లు కనిపించవచ్చు. కానీ బ్రేకు తొక్కినప్పుడు అరుపు, కుదుపు, జారుడు మొదలవుతాయి. అక్కడ స్టీరింగు నూనె నిర్ణయం బ్రేకు నిర్ణయం కూడా.

గేరు ఆయిలు రెండు కారణాల వలన తగదు. అది పంపు పీల్చుకోలేనంత చిక్కన. పైగా పళ్ల చక్రాల భారానికి కలిపిన గంధకపు రసాయనాలలో కొన్ని వేడిలో ఇత్తడి, కంచు భాగాలను తినివేయగలవు.

ఇక బ్రేకు ఆయిలు. వాడుకలో ఆయిలు అంటున్నా డాట్ 3, డాట్ 4 ద్రవాలు నూనెలు కావు. అవి గ్లైకాల్ జాతి రసాయనాలు. నీటితో కలుస్తాయి, గాలిలోని తేమను పీల్చుకుంటాయి, పెట్రోలియం నూనెతో కలవవు. బ్రేకులలోని రబ్బరు ఈ గ్లైకాలుకు తట్టుకునేలా ఎంపికైనది, పెట్రోలియం నూనెకు ఉబ్బిపోతుంది. స్టీరింగులోని రబ్బరు సాధారణంగా నైట్రైల్ రకం. అది పెట్రోలియం నూనెకు తట్టుకుంటుంది, గ్లైకాలుకు మెత్తబడి ఉబ్బుతుంది. కాబట్టి ఈ రెండు ద్రవాలు ఏ దిశలో మారినా నష్టమే. డ్రైవరు ప్రశ్నకు సమాధానం ఇదే: పీడనాన్ని రెండూ మోయగలవు, కానీ రబ్బరు ఒకదానినే భరించగలదు.

పొలంలో సరైన నూనె దొరకకపోతే ఏమి చేయాలన్నది తరచుగా వచ్చే ప్రశ్న. మట్టం కనిష్ఠ గీతకు కొద్దిగా పైన ఉంటే పని ముగించి నూనె తెచ్చుకోవచ్చు. గీత కిందికి పోయి నురుగు వస్తుంటే ఇంజిను ఆపి, నూనె వచ్చే వరకు వేచి ఉండాలి. పంపు ఇంజినుతో కలిసి తిరుగుతూనే ఉంటుంది. నూనె లేకుండా తిరిగిన పంపు త్వరలోనే గీతలు పడి పాడవుతుంది.

పరీక్ష, మరమ్మతు: పై ట్రాక్టరు విషయంలో జరిగినది

మొదట చెప్పిన ట్రాక్టరు వద్దకు తిరిగి వద్దాం. డబ్బాలోని ద్రవాన్ని శుభ్రమైన పారదర్శక గాజు సీసాలోకి తీసి రాత్రంతా కదపకుండా ఉంచడమైనది. ఉదయానికి అడుగున వేరే పొర స్పష్టంగా కనిపించింది. పెట్రోలియం నూనె సాంద్రత నీటి కంటే తక్కువ, బ్రేకు ద్రవం సాంద్రత నీటి కంటే కొద్దిగా ఎక్కువ కనుక గ్లైకాల్ అడుగుకు చేరుతుంది. నీరు చేరినా అడుగునే పొర ఏర్పడవచ్చు. రెండింటినీ వేరుచేయడానికి అడుగు పొర చుక్కలను వేలికి రాసుకొని చూశారు. నీరైతే వెంటనే ఆరిపోయేది. ఇది జిడ్డుగా నిలిచి, నీటితో కడగగానే సులభంగా పోయింది. నూనె అలా నీటితో పోదు. ఆ తరువాత డ్రైవరు తాను పోసిన సీసాను చూపడంతో అనుమానం తీరింది.

డబ్బాలోని నూనెను మాత్రం తీసి కొత్తది పోస్తే సరిపోదా అన్నది యజమాని సందేహం. ఈ లెక్క దానికి జవాబు చెబుతుంది. వ్యవస్థలో మొత్తం 2 లీటర్ల నూనె ఉందనుకుందాం. డబ్బా ఖాళీ చేస్తే 800 మిల్లీలీటర్లు వస్తాయి. మిగిలిన 1,200 మిల్లీలీటర్లు పైపులు, పంపు, సిలిండరులో ఉండిపోతాయి. అంటే ఒకసారి మార్చినప్పుడు పాత ద్రవంలో 60 శాతం మిగులుతుంది. మధ్యలో ఇంజిను నడిపి కలుపుతూ రెండవసారి మార్చితే 36 శాతం, మూడవసారి మార్చితే సుమారు 22 శాతం మిగులుతుంది. పోసిన 250 మిల్లీలీటర్ల బ్రేకు ద్రవంలో ఇంకా 54 మిల్లీలీటర్ల వరకు లోపలే ఉంటుంది. ఇది కూడా రెండు ద్రవాలు పూర్తిగా కలిశాయనుకున్న లెక్క. గ్లైకాల్ కలవదు, పల్లపు భాగాలలో నిలుస్తుంది కనుక అసలు మిగిలేది ఇంకా ఎక్కువ కావచ్చు. ఒకే జాతి నూనెలో పాతదాన్ని మార్చడానికి డబ్బా పద్ధతి పనికివస్తుంది. బ్రేకు ద్రవం పడినప్పుడు పనికిరాదు.

అందువలన పైపులు విప్పి, సిలిండరును రెండు వైపులా ఖాళీ చేసి, పుస్తకంలో చెప్పిన నూనెతోనే లోపల కడిగారు. కిరోసిను, డీజిలుతో కడగలేదు. అవి సందులలో మిగిలి కొత్త నూనెను పలుచన చేస్తాయి. విప్పి చూసినప్పుడు సిలిండరు కడ్డీ సీలు అంచు మెత్తబడి, గోరుతో నొక్కితే గుంట పడింది. పంపు సీలు, స్టీరింగు యూనిట్ సీళ్లు, వెనక్కి వచ్చే రబ్బరు పైపు మార్చబడ్డాయి. కడ్డీపై మట్టి గీకిన సన్నని గీత కూడా కనిపించింది. అసలు కారుడుకు మొదటి కారణం అదే. దమ్ములో కడ్డీకి అంటిన బురద ఎండి గట్టిపడినప్పుడు, కడ్డీ లోపలికి పోతూ దాన్ని సీలు అంచుపై రుద్దుతుంది. నూనె పోయడం ఆ కారణాన్ని ఏనాడూ తొలగించదు. కడ్డీని నునుపుగా చేయించిన తరువాతనే కొత్త సీలు అమర్చారు.

గాలి తీయడం, మట్టం చూడడం

కొత్త నూనె పోసిన తరువాత గాలి తీయకపోతే సరైన నూనె కూడా నురుగుగా మారుతుంది. ట్రాక్టరును చదునైన నేలపై నిలిపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి దృఢమైన స్టాండ్లపై ఉంచాలి. ఇంజిను నడపకుండా స్టీరింగును నెమ్మదిగా ఒక చివర నుండి మరొక చివరకు పలుమార్లు తిప్పాలి. డబ్బాలో మట్టం పడిపోతుంటే పోస్తుండాలి. తరువాత ఇంజినును తక్కువ వేగంలో నడిపి అదే పనిని నెమ్మదిగా కొనసాగించాలి. నురుగు తగ్గి, చక్రం కుదుపు లేకుండా తిరిగినప్పుడు గాలి పోయినట్లు. చివరలో చక్రాన్ని కొన్ని సెకన్లకు మించి నొక్కి ఉంచరాదు. అక్కడ నూనె పీడన విడుదల కవాటం గుండా మాత్రమే పోతూ త్వరగా వేడెక్కుతుంది.

మట్టాన్ని ముందు చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు, పుస్తకం చెప్పిన స్థితిలో చూడాలి. డబ్బాపై వేడి, చల్లని స్థితులకు వేర్వేరు గీతలు ఉంటే చల్లని ఇంజిను వద్ద వేడి గీత వరకు పోయరాదు. వేడెక్కిన నూనె వ్యాకోచించి మూత నుండి పొంగుతుంది. మూత తీయకముందే చుట్టూ ఉన్న దుమ్మును గుడ్డతో తుడవాలి. ఒక చిటికెడు ఇసుక పంపుకు చేసే హాని, తగ్గిన నూనె చేసే హాని కంటే తక్కువ కాదు.

కారే చోటును వెదకేటప్పుడు నడుస్తున్న ఇంజిను వద్ద పైపులపై చేయి ఆనించరాదు. సన్నని రంధ్రం నుండి పీడనంతో వచ్చే నూనె చర్మాన్ని చీల్చి లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా దానికి వెంటనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. పైపు వెంట అట్టముక్క పట్టుకొని చూడాలి.

నూనె రూపం కొంత సమాచారం ఇస్తుంది. పాలవలె తెల్లగా ఉంటే నీరు చేరింది. బుడగలతో నురుగు ఉంటే పీల్చే పైపు వద్ద గాలి పోతోంది లేదా మట్టం తక్కువ. నల్లగా, మాడిన వాసనతో ఉంటే వేడెక్కింది. మూడు స్థితులలోనూ కొత్త నూనె కలపడం కంటే కారణం తెలుసుకోవడం ముందు జరగాలి.

విస్తరణ కార్యకర్తలకు సూచన

హైడ్రాలిక్ స్టీరింగు మూసి ఉన్న వ్యవస్థ. ఇంజిను వలె అది నూనెను కాల్చదు. మట్టం తగ్గిందంటే నూనె ఎక్కడో బయటికి పోతోంది. అందువలన ఎంత పోశారు, ఎన్ని గంటల పని తరువాత పోశారు అన్నవి రాసుకొనడం మంచి అలవాటు. 40 గంటలలో 200 మిల్లీలీటర్లు పోయవలసి వచ్చిందంటే గంటకు 5 మిల్లీలీటర్ల కారుడు. తరువాతి 40 గంటలలో అదే కొలత 400 అయితే సీలు వేగంగా పోతున్నదని అర్థం. పని మధ్యలో ఆగకముందే మరమ్మతుకు సమయం దొరుకుతుంది.

శిక్షణ కార్యక్రమాలలో డ్రైవర్లకు ఒక ప్రదర్శన చూపవచ్చు. రెండు గాజు సీసాలలో ఏ.టి.ఎఫ్. తీసుకొని, ఒకదానిలో కొద్దిగా బ్రేకు ద్రవం కలిపి గట్టిగా ఊపి నిలపాలి. శిక్షణ ముగిసే వేళకు విడిపోయిన పొరను వారే చూస్తారు. ఆ తరువాత ప్రతి ట్రాక్టరు డబ్బా మూత పక్కన, వాహన పుస్తకంలో చెప్పిన నూనె పేరును చెరగని రంగుతో తెలుగులో రాయించాలి. చేతికి అందిన సీసాను ఎత్తే మనిషికి ఆ క్షణంలో కనిపించేది పుస్తకం కాదు, ఆ మూతే.